ఐదో దశ దాకా ఆగకూడని ప్రశ్న

గత నెల మేనేజ్‌మెంట్ చదువుతున్న ఒక విద్యార్థి సంస్థాగత ప్రవర్తన మీద తాను రాసిన వ్యాసాన్ని పంపి, ఒకసారి చూసి పెట్టమని అడిగాడు. సంస్థల్లో మార్పు తేవడానికి జాన్ కాటర్ అనే మేనేజ్‌మెంట్ ఆచార్యుడు చెప్పిన ఎనిమిది దశలూ అందులో వరుస తప్పకుండా ఉన్నాయి. చివరి పేజీలో మాత్రం, ఉద్యోగుల ప్రతిఘటనను అధిగమించడం అనే శీర్షిక కింద, ఒకే ఒక్క పేరా ఉంది. మార్పు వల్ల కలిగే మేలు ఏమిటో స్పష్టంగా వివరిస్తే ప్రతిఘటన తగ్గుతుందని, అప్పటికీ తగ్గకపోతే శిక్షణ ఇవ్వాలని ఆ పేరా సారాంశం. నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. చాలా ఏళ్ల కిందట నేను ఒక మార్పు బృందంలో పనిచేసినప్పుడు మా ప్రణాళికలోనూ ఇలాంటి పేరా ఒకటి ఉండేది. దాన్ని రాసింది నేనే.

ఆ విద్యార్థికి రాయడం మొదలుపెట్టిన జవాబు పెరిగి పెరిగి ఇలా తయారైంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మార్పును వ్యతిరేకించేవారి మాట వినడం అనే పనిని కాటర్ వరుసలో ఉన్న చోట ఉంచితే ఆలస్యమైపోతుంది. ఎక్కడికి చేరాలన్న లక్ష్యం ఖరారయ్యే మూడో దశ కంటే ముందే ఆ పని జరగాలి. లేకపోతే ఆ తర్వాత మనం ప్రతిఘటన అని పిలిచేదాంట్లో పెద్ద భాగం, మనం సకాలంలో అడిగి తెలుసుకోని సమాచారమే అవుతుంది.

వరుసలో ఉద్యోగి ఎక్కడ

కాటర్ ఈ దశలను 1995లో ఒక వ్యాసంగానూ, 1996లో పుస్తకంగానూ వెలువరించారు. మొదటి నాలుగు దశలను ఉద్యోగి వైపు నుంచి ఒకసారి చూడండి. మారక తప్పదన్న తొందర కల్పించడం, బలమైన బృందాన్ని కూడగట్టడం, ఎక్కడికి చేరాలో నిర్ణయించడం, దాన్ని అందరికీ చేరవేయడం. ఈ నాలుగింటిలోనూ కింది స్థాయి ఉద్యోగి ప్రధానంగా వినేవాడే. మొదటి దశ పూర్తయిందని ఎప్పుడు చెప్పవచ్చు అన్నదానికి కాటర్ ఇచ్చిన కొలత కూడా అలాంటిదే. ఇప్పుడున్న పద్ధతి ఇక కుదరదని మేనేజర్లలో దాదాపు 75 శాతం మంది నిజాయితీగా నమ్మాలి అంటారాయన. ఆ లెక్కలో ఉన్నది మేనేజర్లు. పని చేసేవాళ్లలో ఎంతమంది నమ్మాలి, నమ్మనివాళ్లు ఎందుకు నమ్మడం లేదు అన్న ప్రశ్నలకు ఆ దశలో చోటు లేదు.

ఉద్యోగి చేతికి పని వచ్చేది ఐదో దశలో. దారిలో ఉన్న అడ్డంకులను తొలగించి, కొత్త పద్ధతిలో పని చేసే వీలు కల్పించాలని ఆ దశ చెబుతుంది. ఇక్కడ కాటర్‌కు న్యాయం చేయాలి. అడ్డంకి ఒక్కోసారి మనిషి మనసులోనే ఉండవచ్చునని, చాలా సందర్భాల్లో మాత్రం అది నిజంగా బయట ఉండేదేనని ఆయన 1995 నాటి వ్యాసంలోనే రాశారు. పాత జీతాల పద్ధతి, ఇరుకైన ఉద్యోగ విభజన, మాట వినని పై అధికారి, ఇవన్నీ ఆయన చూపినవే. ఆయన వ్యవస్థను వదిలేసి మనిషినే తప్పుపట్టారని అనలేం. ఇబ్బంది అంతా సమయంతో వస్తుంది. ఐదో దశకు వచ్చేసరికి లక్ష్యం నిర్ణయమైపోతుంది, పరికరాలు కొనేస్తారు, సభల్లో ప్రకటనలు కూడా అయిపోతాయి. అప్పుడు ఒక మనిషి లేచి ఇందులో ఒక లోపం ఉంది అంటే, ఆ మాట లోపం గురించిన వార్తలా కాకుండా మార్పుకు ఎదురు చెప్పినట్టు వినబడుతుంది. 2014లో కాటర్ ఈ దశలు ఒకదాని వెనుక ఒకటిగా కాక ఏకకాలంలో నడవవచ్చునని తన నమూనాను సవరించారు. అయినా సంస్థల్లో పాత వరుసే ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే వరుసగా ఉన్నదాన్ని ప్రాజెక్టు ప్రణాళికలోకి ఎక్కించడం సులువు.

ఆఖరి ఇరవై నిమిషాల స్కాన్లు

మా సంగతి చెబుతాను. అది యంత్రాల విడిభాగాలు నిల్వ ఉంచే పెద్ద గోదాము. మరమ్మతు విభాగాలు కావలసిన భాగాల జాబితా పంపితే, స్టోర్‌కీపర్లు అరల మధ్య తిరిగి వాటిని తీసి, కాగితం మీద రాసి ఇచ్చేవారు. రాసినదాన్ని మరునాడు మరొకరు కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు. లెక్కకూ అరలో ఉన్న సరుకుకూ పొంతన కుదిరేది కాదు. అందుకని కాగితం తీసేసి చేతి స్కానర్లు పెట్టాలని నిర్ణయమైంది. అర మీది బార్‌కోడ్ చదివించి, సంఖ్య కొట్టి, అక్కడికక్కడే లెక్కలోకి ఎక్కించాలి.

మేం కాటర్ వరుసను శ్రద్ధగానే పాటించాం. ఆడిట్‌లో బయటపడ్డ తేడాలను చూపి తొందర కల్పించాం. స్టోర్ల అధికారి, ఆర్థిక విభాగాధిపతి, కంప్యూటర్ విభాగం నుంచి ఇద్దరు, నేను కలిసి బృందమయ్యాం. వస్తువు కదిలిన క్షణంలోనే లెక్క కదలాలి అని లక్ష్యాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలిగాం. ఆ వాక్యాన్ని మూడు సమావేశాల్లో వివరించి, రెండు రోజుల శిక్షణ ఇచ్చాం. చివర్లో ఏమైనా సందేహాలున్నాయా అని అడిగాం. ఎవరూ మాట్లాడలేదు. దాన్ని మేం అంగీకారం అనుకున్నాం. ఆర్థిక విభాగాధిపతి ముందు వరసలో కూర్చుని ఉన్నారన్న సంగతి మాకు అప్పుడు ముఖ్యంగా తోచలేదు.

మూడో వారం నివేదికలో దాదాపు ప్రతి వస్తువూ స్కానర్ ద్వారానే వెళ్లినట్టు తేలింది. కాటర్ ఆరో దశలో చెప్పే తొలి విజయం ఇదేనని అందరికీ మెయిల్ పంపాం. ఆ తర్వాత వేరే పని మీద నేను ఆ రికార్డులను తెరిచి, ఎన్ని స్కాన్లు అన్నది కాక ఏ సమయానికి అన్న వరుస చూశాను. ఎనిమిది గంటల షిఫ్టులో జరిగిన స్కాన్లలో ఎక్కువ భాగం ఆఖరి ఇరవై నిమిషాల్లోనే ఉన్నాయి. ఒకదానికీ మరొకదానికీ మధ్య మూడు నాలుగు సెకన్లే తేడా. కానీ ఆ రెండు అరల మధ్య దూరం నలభై అడుగులకు తక్కువ కాదు. పగలంతా పాత పద్ధతిలో కాగితం మీదే పని నడిపి, షిఫ్టు ముగిసే వేళకు ఒక బల్ల దగ్గర నిలబడి స్కానర్ పని పూర్తి చేస్తున్నారు. అరల మీది బార్‌కోడ్‌లను జిరాక్స్ తీసి, ఒక పొడవాటి నోటుబుక్కులో వరుసగా అతికించుకున్నారు. ఆ పుస్తకాన్ని నేను చేతిలోకి తీసుకుని చూశాను. అరల క్రమంలో, ఎర్ర సిరాతో పేర్లు రాసి, ఎంతో ఓపికగా చేసిన పని అది. అంత కష్టపడి పుస్తకం తయారుచేసుకున్నవాళ్లను బద్ధకస్తులని గానీ, కొత్తది నేర్చుకోలేనివారని గానీ అనడం నా వల్ల కాలేదు.

సూపర్‌వైజర్ మాత్రం ఇది అలవాటు సమస్యేనని, నోటుబుక్కు లాగేసుకుని నాలుగు మెమోలు ఇస్తే సర్దుకుంటుందని అన్నారు. నేను రెండు షిఫ్టులు ఒక సీనియర్ స్టోర్‌కీపర్ వెంట తిరిగాను. మొదటి రోజు ఆయన ఏమీ చెప్పలేదు. రెండో రోజు పది బేరింగులు కావాలన్న జాబితా వచ్చింది. అరలో ఏడే ఉన్నాయి. కాగితం మీదైతే ఏడు అని రాసి, గమనిక గడిలో మూడు బాకీ అని పెట్టి, సంతకం చేసి పంపేవారు. స్కానర్‌లో ఏడు కొడితే ఆ వరుస ముగియదు. తెరిచే ఉండిపోయి, షిఫ్టు చివర పెండింగ్ జాబితాలో ఆ స్టోర్‌కీపర్ లాగిన్ పేరుతో సూపర్‌వైజర్‌కు వెళుతుంది. పది అని కొడితే వరుస ముగుస్తుంది గానీ అది అబద్ధం. అరలో మూడు తక్కువ కావడానికి కారణం, సరుకు దిగినప్పుడు ఎవరో తప్పుగా లెక్కపెట్టడం కావచ్చు. అయినా పేరు మాత్రం దాన్ని తీయబోయినవారిదే పడుతుంది. ఆయన స్కానర్‌ను బల్ల మీద పెట్టి ఇలా అన్నారు: "సార్, పుస్తకంలో తేడా వస్తే అది స్టోర్ తేడా. ఇందులో తేడా వస్తే నా తేడా."

ఈ మాటను శిక్షణ రోజునే ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు అడిగింది స్కానర్ ఎలా వాడాలో అర్థమైందా అని కదా సార్. అర్థమైంది కాబట్టే భయపడ్డాం" అన్నారాయన.

పరిష్కారం పెద్దదేమీ కాదు. తక్కువ సంఖ్య కొట్టినప్పుడు కారణం ఎంచుకునే తెర ఒకటి చేర్చి, మిగిలిన బాకీ మనిషి పేరు మీద కాకుండా అర పేరు మీద నమోదయ్యేలా మార్చాలి. కంప్యూటర్ విభాగానికి మూడు వారాలు పట్టింది. అసలు పోరాటం మరోచోట జరిగింది. పెండింగ్ జాబితాలో పేర్లు తీసేయడానికి ఆర్థిక విభాగాధిపతి ఒప్పుకోలేదు. పేర్లు లేకపోతే బాధ్యత ఎవరిదని ఆయన వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఆయన చేస్తున్నది కూడా ప్రతిఘటనే కదా అని అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. పైనుంచి వస్తే దాన్ని అభిప్రాయం అన్నాం, కిందినుంచి వస్తే ప్రతిఘటన అన్నాం.

పైజామాల ఫ్యాక్టరీలో తేలిన సంగతి

ఇదంతా ఒక్క గోదాము అనుభవం, దీని మీద సిద్ధాంతం కట్టడం సరికాదు అనే పాఠకుడి సందేహం సమంజసమే. అందుకే ఈ రంగంలో అందరూ మొదట పేర్కొనే ప్రయోగం దగ్గరకు వెళదాం. 1948లో లెస్టర్ కాచ్, జాన్ ఫ్రెంచ్ ప్రచురించిన అధ్యయనం అది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మేరియన్ అనే ఊళ్లో పైజామాలు కుట్టే హార్వుడ్ ఫ్యాక్టరీలో జరిగింది. అక్కడ పీసు రేటు మీద కూలి ఇచ్చేవారు. పని పద్ధతి మారినప్పుడల్లా ఉత్పత్తి పడిపోవడం, ఫిర్యాదులు పెరగడం, మనుషులు మానేయడం యాజమాన్యానికి తలనొప్పిగా ఉండేది.

పరిశోధకులు ఒకే తరహా మార్పును మూడు రకాలుగా ప్రవేశపెట్టారు. మొదటి బృందాన్ని కూర్చోబెట్టి, పోటీ పెరిగింది కాబట్టి పద్ధతి మారుతోందని చెప్పి, కొత్త రేటు వివరించి, ప్రశ్నలకు జవాబులిచ్చి పంపేశారు. రెండో బృందం తన ప్రతినిధులను ఎన్నుకుంది, కొత్త పద్ధతిని వాళ్లు కలిసి రూపొందించారు. మిగతా రెండు చిన్న బృందాల్లో అందరూ పాల్గొన్నారు. మొదటి బృందంలో తొలి 40 రోజుల్లోనే 17 శాతం మంది మానేశారు, ఉత్పత్తి కోలుకోలేదు. ప్రతినిధుల బృందం పద్నాలుగు రోజుల్లో గంటకు 61 యూనిట్లకు, అంటే ఫ్యాక్టరీ ప్రమాణమైన 60ని దాటి చేరుకుంది. అందరూ పాల్గొన్న బృందాలు ఇంకా త్వరగా కోలుకుని, మార్పుకు ముందున్న స్థాయి కంటే దాదాపు 14 శాతం పైకి వెళ్లాయి.

ఈ అంకెల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి రెండు చిన్న వివరాలు. మొదటిది, మొదటి బృందం కొత్త పీసు రేటు అన్యాయమని ఫిర్యాదు చేసింది. తీరా లెక్క చూస్తే ఆ రేటు కాస్త ఉదారంగానే ఉంది. అంటే ఫిర్యాదు రేటు గురించి వచ్చినా దాని మూలం రేటులో లేదు. తమ పనిని తమను అడగకుండా తిరగరాశారన్న బాధకు, ఫారం మీద రాయడానికి వీలైన రూపం రేటు ఒక్కటే. రెండోది, ఆ మొదటి బృందంలో మిగిలినవాళ్లనే రెండున్నర నెలల తర్వాత మరో పనికి మార్చినప్పుడు, ఈసారి వాళ్లందరినీ రూపకల్పనలో కలుపుకున్నారు. వాళ్లు త్వరగా కోలుకున్నారు, ఎవరూ మానేయలేదు. కాబట్టి ప్రతిఘటన ఆ మనుషుల స్వభావంలో ఉందన్న వివరణ నిలవదు.

ప్రతినిధుల బృందం దగ్గర జరిగిన మరో సంగతి కాటర్ మొదటి దశకు నేరుగా సంబంధించినది. వాళ్లకు చూడటానికి ఒకేలా ఉన్న రెండు దుస్తులు చూపించి, ఇందులో చవకది ఏదో చెప్పమన్నారు. ఒకటి 1946లో కుట్టినది, దాని అమ్మకపు ధర 1947 నాటి దానికి రెట్టింపు. ఎవరూ కనుక్కోలేకపోయారు. ధర తగ్గించుకోక తప్పదన్న విషయం అలా వాళ్ల చేతుల్లోనే రుజువైంది. ఖర్చు తగ్గాలన్నది యాజమాన్యం చెప్పిన మాటే. ఎలా తగ్గించాలన్నది మాత్రం తెరిచి ఉంచారు. మేం గోదాములో చేయనిది సరిగ్గా ఇదే. ఆడిట్ తేడాలు చూపించిన రోజునే స్కానర్ల నమూనా కూడా బల్ల మీద పెట్టాం.

హార్వుడ్‌ను వేదంలా తీసుకోకూడదన్నది కూడా చెప్పాలి. ఫ్రెంచ్ మరో ఇద్దరితో కలిసి నార్వేలోని ఒక పాదరక్షల ఫ్యాక్టరీలో ఇలాంటి ప్రయోగమే చేసి 1960లో ప్రచురించారు. అక్కడ పాల్గొన్న బృందాలకూ పాల్గొనని బృందాలకూ ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అడిగిన విషయం పనివాళ్లకు ముఖ్యమైనది కాకపోయినా, అలా అడగడం వాళ్ల దృష్టిలో సరైన పద్ధతి కాకపోయినా, పాల్గొనడం వల్ల ఒరిగేది తక్కువ. గోడలకు ఏ రంగు వేయాలో అడిగి, పెండింగ్ జాబితాలో ఎవరి పేరు పడాలో అడగకపోతే అదే జరుగుతుంది.

మందు కంటే ముందు రోగ నిర్ధారణ

ఎనిమిది దశలకు చాలా ముందే, 1979లో, కాటర్ లియొనార్డ్ ష్లెసింజర్‌తో కలిసి ప్రతిఘటన మీదే ఒక వ్యాసం రాశారు. విద్యార్థులు దాన్ని ఆరు పద్ధతుల పట్టికగా గుర్తుంచుకుంటారు: వివరించడం, కలుపుకోవడం, అండగా నిలవడం, బేరం కుదుర్చుకోవడం, లోపాయికారీగా తిప్పుకోవడం, బలవంతం చేయడం. నా దృష్టిలో ఆ వ్యాసంలో విలువైన భాగం పట్టిక కంటే ముందే ఉంది. మనుషులు నాలుగు కారణాల వల్ల ఎదురు తిరుగుతారని వాళ్లు అంటారు. తమకున్నది పోతుందన్న స్వార్థం, అపార్థంతో కూడిన అపనమ్మకం, పరిస్థితిని వేరుగా అంచనా వేయడం, కొత్తదాన్ని తట్టుకునే శక్తి తక్కువ కావడం. వీటిలో మూడోది మిగతావాటిలాంటిది కాదు. అందులో ఎదురు చెప్పినవారి అంచనాయే సరైనది కావచ్చు, యాజమాన్యానికి తెలియనిది వాళ్లకు తెలిసి ఉండవచ్చు.

మా సూపర్‌వైజర్ నాలుగో కారణం అనుకున్నారు. మేం రెండోది అనుకుని శిక్షణ ఇచ్చాం. నిజానికి ఉన్నది మూడోది. వివరించడమనే మందు రెండో కారణానికి పనిచేస్తుంది. మూడో కారణం ఉన్నచోట ఎంత వివరిస్తే అంత నష్టం, ఎందుకంటే తమకు తెలిసిన లోపాన్ని పైవాళ్లు చూడటం లేదన్న నమ్మకం ప్రతి సమావేశంతోనూ బలపడుతుంది. వీటిని విడదీయడానికి నేను నేర్చుకున్న ప్రశ్న ఒకటి ఉంది: "ఈ పద్ధతిలో మీరు సరిగ్గా చేసినా తప్పుగా తేలే సందర్భం ఏది?" అపార్థం ఉన్న మనిషి దీనికి పొంతన లేని జవాబిస్తారు. వేరే అంచనా ఉన్న మనిషి ఒక బేరింగ్, ఒక అర, ఒక రోజు చూపిస్తారు.

కానీ ప్రతి వ్యతిరేకతలోనూ సమాచారం దాగి ఉంటుందని నేను అనడం లేదు. స్కానర్‌ను సరిచేసిన తర్వాత స్కాన్ సమయాలు షిఫ్టంతా పరుచుకున్నాయి. ఒక్కరి లాగిన్‌లో మాత్రం అవి ఆఖరి ఇరవై నిమిషాల్లోనే ఉండిపోయాయి. జాబితాలను వచ్చిన క్రమంలోనే స్కానర్ చూపిస్తుంది. కాగితం కాలంలో ఎవరిది ముందు తీయాలన్నది ఆయన చేతిలో ఉండేది, ఆ చనువుతో కొన్ని విభాగాల్లో ఆయన మాటకు విలువ ఉండేది. ఆయన పోగొట్టుకున్నది నిజమైనదే, కానీ దాన్ని తిరిగి ఇవ్వడం న్యాయం కాదు. ఆయనతో మేం చర్చ పెట్టుకోలేదు. ఈ క్రమం మారదని స్పష్టంగా చెప్పాం, అత్యవసర జాబితాలను గుర్తించే బాధ్యత ఇవ్వజూపాం. ఆయన కొన్ని నెలలకు వేరే విభాగానికి బదిలీ కోరుకున్నారు. కాటర్, ష్లెసింజర్ అన్నట్టు, బలవంతం కూడా పనిముట్లలో ఒకటి. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు, సమయం లేనప్పుడు దాన్ని వాడక తప్పదు. కారణం తెలుసుకోకముందే అందరి మీదా దాన్ని వాడి ఉంటే, ఆయనకూ ఆ సీనియర్ స్టోర్‌కీపర్‌కూ మేం ఒకే మెమో ఇచ్చి ఉండేవాళ్లం.

లక్ష్యం ఖరారు కాకముందే అందరినీ అడిగితే పని ఎప్పటికీ మొదలు కాదన్నది ఇంకో అభ్యంతరం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కలుపుకోవడానికి సమయం పడుతుంది, అడిగినవాళ్లకు విషయం తెలియకపోతే నాసిరకం పరిష్కారం వస్తుంది. నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటే మాత్రం అడిగినట్టు నటించకపోవడమే మంచిది. మేం పోగొట్టుకున్న సమయాన్ని మాత్రం లెక్క కట్టగలను. ఒక మనిషి వెంట రెండు షిఫ్టులు తిరగడానికి పట్టింది రెండు రోజులు. ఆ రెండు రోజులు ముందే వెచ్చించి ఉంటే, సరిదిద్దడానికి పట్టిన మూడు వారాలూ, అబద్ధపు సమయాలతో నిండిన మరో మూడు వారాల రికార్డూ ఉండేవి కావు.

ఆ విద్యార్థికి చివరి పేజీలోని పేరాను తీసి, రెండో దశకూ మూడో దశకూ మధ్య పెట్టమని, దానిలో వివరించాలి అన్న చోట అడగాలి అని మార్చమని రాశాను. అలా చేస్తే కాటర్ వరుస చెడిపోదా సార్ అని అతను తిరిగి అడిగాడు. చెడిపోతుంది, ఎందుకు చెడగొట్టావో అదే పేరాలో రాయమన్నాను.

నోటుబుక్కును మేం లాగేసుకోలేదు. స్కానర్ సరైన తర్వాత ఆ సీనియర్ స్టోర్‌కీపర్ అందులోని వెనక పేజీల్లో, అర మీది లేబుల్‌కూ లోపలున్న సరుకుకూ తేడా ఉన్న చోట్లను తేదీలతో రాయడం మొదలుపెట్టారు. నేను అక్కడ ఉన్నంత కాలం ప్రతి శుక్రవారం కంప్యూటర్ విభాగం నుంచి ఒకరు వచ్చి, ఆయన పక్కన కూర్చుని ఆ పేజీని ఎక్కించుకుని వెళ్లేవారు.